అచ్చయ్యాక వ్యాసం ఎవరి చేతిలో ఉండాలి?

తెలుగు దినపత్రికల్లో పనిచేసినవాళ్లకు కంట్రిబ్యూటర్ అన్న మాట కొత్త కాదు. మండలంలో ఉండి వార్తలు రాసి పంపే విలేకరిని అలాగే పిలుస్తారు. ఆయన రాసింది డెస్కుకు చేరుతుంది. అక్కడ సబ్ ఎడిటర్ దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో అమరుస్తాడు. వేయాలా వద్దా అన్నది డెస్కు నిర్ణయం. వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ అనే రోల్ పనిచేసే తీరు కూడా దాదాపు ఇదే. అందుకే నలుగురైదుగురు కలిసి బ్లాగు నడుపుతున్నవాళ్లకు రోల్స్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను పత్రికాఫీసు నుంచే మొదలుపెడతాను.

అయితే పత్రికకూ బ్లాగుకూ ఒక పెద్ద తేడా ఉంది. పేపరు అచ్చయ్యాక అందులో అక్షరం మార్చడం ఎవరి తరమూ కాదు. బ్లాగులో వ్యాసం వెలువడిన మరుక్షణం నుంచి ఏళ్ల తరబడి దాన్ని మార్చవచ్చు, తీసేయవచ్చు కూడా. ఆ హక్కు ఎవరికి ఉండాలన్నదే కంట్రిబ్యూటర్, ఆథర్, ఎడిటర్ రోల్స్ మధ్య అసలు తేడా. చాలామంది రాయడం ఎంత బాగా వచ్చు అన్నదాన్ని బట్టి రోల్ ఇస్తారు. నా అనుభవంలో అది సరైన కొలత కాదు.

మామూలు వర్డ్‌ప్రెస్ సైటులో ఐదు రోల్స్ ఉంటాయి. అందరికన్నా కింద సబ్‌స్క్రైబర్. లాగిన్ అయి తన ప్రొఫైల్ చూసుకోవడం తప్ప రాసే వీలు ఉండదు. అందరికన్నా పైన అడ్మినిస్ట్రేటర్. థీములు, ప్లగిన్లు, సెట్టింగులు, సభ్యుల ఖాతాలు అన్నీ ఆ చేతిలోనే ఉంటాయి. రాతపని చేసేవాళ్లకు సంబంధించినవి మధ్యలోని మూడు.

కంట్రిబ్యూటర్ తన వ్యాసం రాసుకోవచ్చు, ప్రచురణ కాకముందు ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు. ప్రచురించడం మాత్రం కుదరదు. Publish అని ఉండాల్సిన చోట అతనికి Submit for Review అన్న బటన్ కనిపిస్తుంది. అది నొక్కాక వ్యాసం Pending అన్న స్థితిలోకి వెళ్తుంది. దాన్ని ఇంకొకరు ప్రచురించినా, ఫలానా రోజుకు షెడ్యూల్ చేసినా, ఆ క్షణం నుంచి రాసినవాడికే దాన్ని ముట్టుకునే అధికారం పోతుంది. వ్యాసం మీద పేరు మాత్రం అతనిదే ఉంటుంది.

ఆథర్ తన వ్యాసాన్ని తానే ప్రచురించుకుంటాడు. ఫొటోలు ఎక్కించుకుంటాడు. వెలువడిన తర్వాత కూడా తన వ్యాసాన్ని మార్చవచ్చు, తీసేయవచ్చు. పక్కవాళ్ల వ్యాసాల జోలికి మాత్రం పోలేడు. ఎడిటర్‌కు ఆ హద్దు లేదు. అందరి వ్యాసాలూ, పేజీలూ, వర్గాలూ, వ్యాఖ్యలూ ఎడిటర్ చేతిలోనే ఉంటాయి.

మేము ఐదుగురం హనుమకొండలో కాకతీయుల నాటి చెరువులు, గుళ్ల గురించి ఒక బ్లాగు మొదలుపెట్టినప్పుడు అందరికీ ఆథర్ ఇచ్చేశాం. దానికి కారణం నమ్మకం ఒక్కటే కాదు, ఫొటోలు. కంట్రిబ్యూటర్‌కు ఫొటోలు ఎక్కించే అనుమతి ఉండదు. ఎడమవైపు మెనూలో Media అన్నదే కనిపించదు. ఇంకొకరు ముందే ఎక్కించి పెట్టిన ఫొటోను మీడియా లైబ్రరీ నుంచి ఎంచుకోవడం కూడా కుదరదు. గుడి గురించి రాసి బొమ్మ లేకుండా పంపడం ఎవరికీ నచ్చలేదు. చిన్న బృందాల్లో ఆథర్ రోల్ చేతులు మారేది ఎక్కువగా ఈ ఒక్క కారణం వల్లే.

దాని ఫలితం కొన్ని నెలల తర్వాత తెలిసింది. రామప్ప గుడి మీద మా మిత్రుడు రాసిన వ్యాసం అప్పటికే వెలువడింది. గుడి శాసనం 1213 నాటిదని అందులో సరిగ్గానే ఉంది. ఒక రాత్రి అతను ఆ పేరా ఇంకాస్త బాగా రాద్దామని తెరిచి, తిరగరాసి, సేవ్ చేశాడు. ఆ తొందరలో 1213 కాస్తా 1231 అయింది. ఆథర్ తన పాత వ్యాసాన్ని మార్చినప్పుడు అది మళ్లీ ఎవరి పరిశీలనకూ వెళ్లదు, నేరుగా పాఠకుల ముందుకే వెళ్తుంది. మాలో ఎవరికీ కబురు రాలేదు. ఒక పాఠకుడు ఉత్తరం రాస్తే గానీ మాకు తెలియలేదు.

అప్పుడు ఆదుకున్నది Revisions. ఎడిటర్‌లో వ్యాసం తెరిస్తే కుడివైపు పట్టీలో ఆ మాట కనిపిస్తుంది. ఎప్పుడు, ఎవరి ఖాతా నుంచి, ఏ వాక్యం మారిందో పాతదీ కొత్తదీ పక్కపక్కన చూపిస్తుంది. పాత రూపాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. మాకు ఆ రాత్రి జరిగింది నిమిషంలో అర్థమైంది. కానీ ఇది ఎవరి ఖాతా వాళ్లకు ఉన్నప్పుడే పనికొస్తుంది. ఒకే లాగిన్‌ను ఐదుగురు వాడుకుంటే అన్ని మార్పుల మీదా ఒకే పేరు ఉంటుంది.

ఆ తర్వాత రోల్స్ మళ్లీ పంచుకున్నాం. మాలో ఒకరు రిటైరైన తెలుగు లెక్చరర్. మాస్టారికి ఎడిటర్ ఇచ్చాం. చాలాకాలం విలేకరిగా చేసి, తేదీ రెండుసార్లు సరిచూడనిదే వదలని ఒకామెకు ఆథర్ ఉంచాం. అప్పుడప్పుడు రాసే ఇద్దరిని కంట్రిబ్యూటర్‌గా మార్చాం. అందులో రామప్ప వ్యాసం రాసిన మిత్రుడూ ఉన్నాడు. మాలో అందరికన్నా చదివించేలా రాసేది అతనే. ప్రచురణ తర్వాత మార్పు ఇంకొకరి కంటి మీదుగా పోవాలన్నదే మా ఉద్దేశం.

ఫొటోల చిక్కుకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, రాసినవాళ్లు ఫొటోలు విడిగా పంపితే ఎడిటర్ ఎక్కించడం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమని చెప్పాలి. రెండోది, కంట్రిబ్యూటర్ రోల్‌కు ఆ ఒక్క అనుమతినీ జోడించడం. సర్వర్‌లో డబ్ల్యూపీ సీఎల్ఐ ఉంటే ఒక్క లైను చాలు:

```
wp cap add contributor upload_files
```

ఇది డేటాబేసులో నిలిచిపోతుంది, సైటులోని కంట్రిబ్యూటర్లందరికీ వర్తిస్తుంది. వద్దనుకుంటే add స్థానంలో remove అని రాయాలి. ఆ తర్వాత కంట్రిబ్యూటర్‌కు Media మెనూ కనిపిస్తుంది, ఫొటోలు తానే పెట్టుకుంటాడు, ప్రచురణ అధికారం మాత్రం రాదు. మేము ఈ దారినే ఎంచుకున్నాం. ఫొటోల కోసం ఆథర్ ఇవ్వడం కన్నా ఇది ఎంతో మేలు.

కొత్త పద్ధతిలో మొదటి వారమే ఇంకో ఇబ్బంది ఎదురైంది. మిత్రుడు పాకాల చెరువు మీద రాసి Submit for Review నొక్కి ఎదురుచూస్తూ కూర్చున్నాడు. మాస్టారేమో వ్యాసం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. వర్డ్‌ప్రెస్ తనంతట తానుగా ఇలాంటప్పుడు ఎడిటర్‌కు మెయిలు పంపదు. Posts పేజీ తెరిస్తే జాబితా పైన Pending అనీ, పక్కన అంకె అనీ కనిపిస్తుంది, అంతే. ప్లగిన్లతో మెయిలు వచ్చేలా చేయవచ్చు గానీ మాకు ఆ అవసరం రాలేదు. నొక్కగానే గ్రూపులో "మాస్టారూ, వ్యాసం పెట్టాను, చూడండి" అని ఒక మాట రాయాలని అనుకున్నాం. మాస్టారు రోజూ సాయంత్రం ఒకసారి Pending చూస్తారు. దిద్దుతారు, వర్గం సరిచూస్తారు, ముఖచిత్రం పెట్టి Publish నొక్కుతారు. వర్గాల విషయంలో కూడా ఈ మూడు రోల్స్ మధ్య తేడా ఉంది. కంట్రిబ్యూటర్, ఆథర్ ఇద్దరూ ఉన్న వర్గాల్లోంచి ఎంచుకోవాల్సిందే, కొత్తది సృష్టించేది ఎడిటరే. దీని వల్ల 'చెరువులు', 'చెరువు', 'చెరువుల కథలు' అని ఒకే విషయానికి మూడు వర్గాలు పుట్టుకురావు.

ఎడిటర్ రోల్ గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. మామూలు సైటులో ఎడిటర్ ఏ వ్యాసాన్నైనా తీసేయగలడు, వ్యాసంలో స్క్రిప్ట్ కోడ్ కూడా పెట్టగలడు. ఆథర్ అలాంటి కోడ్ పెడితే సేవ్ చేసేటప్పుడు వర్డ్‌ప్రెస్ దాన్ని తీసేస్తుంది. కాబట్టి ఎడిటర్ పాస్‌వర్డ్ బయటపడితే నష్టం ఒక్క వ్యాసంతో ఆగదు. ఐదుగురి బృందానికి ఒక ఎడిటర్ చాలు, ఆయన ఊరెళ్తే చూసుకోవడానికి మరొకరు ఉంటే మంచిది. అంతకుమించి అక్కర్లేదు. దిద్దే మనిషి కదా అని అడ్మినిస్ట్రేటర్ ఇవ్వడం అంతకన్నా పెద్ద పొరపాటు. వ్యాసాలు దిద్దడానికి ప్లగిన్లతో పనిలేదు. మా సైటు సాంకేతిక వ్యవహారాలు చూసే తమ్ముడికి మాత్రమే అడ్మినిస్ట్రేటర్ ఖాతా ఉంది. అతను రాయాలనుకున్నప్పుడు వేరే మెయిలుతో తీసుకున్న ఇంకో ఖాతా వాడతాడు.

మనిషి బృందం నుంచి వెళ్లిపోయినప్పుడు ఏం చేయాలో కూడా ముందే తెలుసుకోవాలి. ఆథర్ వెళ్తూ వెళ్తూ తన వ్యాసాలన్నీ తీసేయగలడు. ట్రాష్‌లోంచి కూడా శాశ్వతంగా తీసేయకపోతే అవి 30 రోజులు అక్కడే ఉంటాయి కాబట్టి ఆ లోపు చూసుకుంటే ఎడిటర్ వెనక్కి తేగలడు. మనవైపు నుంచి జరిగే తప్పు ఇంకొకటి ఉంది. వెళ్లిపోయారు కదా అని అడ్మినిస్ట్రేటర్ ఆ ఖాతాను డిలీట్ చేయబోతాడు. అప్పుడు వర్డ్‌ప్రెస్ రెండు దారులు చూపిస్తుంది: Delete all content, Attribute all content to. మొదటిది ఎంచుకుంటే ఖాతా పోవడంతో పాటు ఆయన వ్యాసాలన్నీ సైటు నుంచి ట్రాష్‌లోకి వెళ్తాయి. రెండోది ఎంచుకుంటే వ్యాసాలు ఉంటాయి గానీ వాటి మీద ఇంకొకరి పేరు పడుతుంది. రాసినవాడి పేరు తీసేయడం నాకు న్యాయం అనిపించదు. అందుకే మేము ఖాతా తీసేయం, రోల్‌ను సబ్‌స్క్రైబర్‌కు మారుస్తాం. వ్యాసాలూ పేరూ అలాగే ఉంటాయి, మార్చే అధికారం మాత్రం పోతుంది.

మీరూ ఇలాంటి బ్లాగు నడుపుతుంటే ఈ సాయంత్రం అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి Users పేజీ ఒకసారి తెరవండి. Author అని ఉన్న ప్రతి పేరు దగ్గర ఆగి, ఈ మనిషి ఈ రాత్రి తన పాత వ్యాసాన్ని ఎవరికీ చెప్పకుండా మార్చినా ఫరవాలేదా అని ఆలోచించండి. ఫరవాలేదనిపిస్తే ఆ రోల్ అలాగే ఉంచండి. సందేహం ఉంటే ఆ పేరు పక్కన టిక్కు పెట్టి, పైన ఉన్న Change role to నుంచి Contributor ఎంచుకోండి, ఆ సంగతి వాళ్లకు మీరే ఫోను చేసి చెప్పండి.