బాట్ ఊహించకుండా అడగాలంటే దానికి ఏం నేర్పాలి?

ముందు ఈ మెసేజ్ చూడండి: “శుక్రవారం రాత్రి 12:30కి హైదరాబాద్ నుంచి విజయవాడకి ఒక టికెట్ బుక్ చెయ్యి.” ఈయన ఉద్దేశం శుక్రవారం రాత్రి భోంచేసి బస్సెక్కడం. క్యాలెండర్‌లో మాత్రం అప్పటికి శనివారం వచ్చేసింది. బాట్ తనకు తోచినట్టు శుక్రవారం తేదీకే టికెట్ తీసేసిందనుకోండి, ఈయన బస్టాండ్‌కి వచ్చేసరికి ఆ బస్సు వెళ్లి 24 గంటలవుతుంది.

మరి బాట్ ఎందుకు అడగలేదు? ట్రైనింగ్‌లో మనం చూపించిన ఉదాహరణలన్నిట్లో మెసేజ్ రాగానే జవాబే ఉంది. ఎదురుప్రశ్న ఒక్కటీ లేదు. అందుకే ఖాళీ కనిపిస్తే తనే నింపేస్తుంది.

కాబట్టి ఇలాంటి మెసేజ్‌కి జవాబు చోట ప్రశ్నే రాయాలి: “గురువారం అర్ధరాత్రి దాటాకా, శుక్రవారం అర్ధరాత్రి దాటాకా?”

కానీ అన్నీ ఇలాంటివే ఇస్తే, వివరాలన్నీ చెప్పినా బాట్ అడుగుతూనే ఉంటుంది. అందుకని జంటలుగా ఇవ్వండి. ఒకదాంట్లో తేదీ తేలదు, బాట్ అడుగుతుంది. రెండోదాంట్లో “శుక్రవారం రాత్రి, తెల్లారితే శనివారం” అని ఉంటుంది, అడగకుండా బుక్ చేస్తుంది.

టెస్ట్ చేసేటప్పుడు కూడా రెండు లెక్కలు విడిగా చూడాలి: అడగాల్సిన చోట ఎన్నిసార్లు ఊహించింది, అక్కర్లేని చోట ఎన్నిసార్లు అడిగింది. మొదటిది తగ్గుతుంటే రెండోది పెరుగుతోందంటే, బాట్‌కి తేడా తెలియలేదు, అడగడం అలవాటైందంతే.