మిల్లీలీటరు గాలి తెచ్చే తేడా

సబ్‌స్టేషన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ నూనె కంటికి ఎంత తేటగా ఉన్నా అందులో నీరు కరిగి ఉండవచ్చు. అది పెరిగితే నూనె వోల్టేజీకి తట్టుకోలేదు, తీగలకు చుట్టిన కాగితమూ త్వరగా పెళుసవుతుంది. కిలో నూనెలో 10 మిల్లీగ్రాముల నీరుంటే 10 పీపీఎం అంటారు. ఇంత కొద్దిపాటి నీటిని కొలిచే పద్ధతికి మూలం 1935లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫిషర్ ప్రకటించిన రసాయన చర్య. సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న ద్రావణంలో ఒక్కో నీటి అణువుకు ఒక్కో అయోడిన్ అణువు ఖర్చవుతుంది.

కూలోమెట్రిక్ పద్ధతిలో ఆ అయోడిన్‌ను బ్యూరెట్‌తో పోయరు. సెల్‌లోని అయోడైడ్ నుంచి విద్యుత్తే దాన్ని పుట్టిస్తుంది. నీరు అయిపోగానే అయోడిన్ మిగలడం మొదలవుతుంది. జంట ప్లాటినం తీగలు దాన్ని పసిగట్టగానే పరికరం ఆగుతుంది. అప్పటిదాకా ప్రవహించిన విద్యుత్తే లెక్క: మిల్లీగ్రాము నీటికి 10.71 కూలుంబులు.

ఒక నమూనా చూద్దాం. సిరంజితో 5 మిల్లీలీటర్ల నూనె, అంటే సుమారు 4.4 గ్రాములు, సెల్‌లోకి ఎక్కించాం. నిజంగా 10 పీపీఎం ఉంటే అందులో నీరు 44 మైక్రోగ్రాములు, దానికి పట్టే విద్యుత్తు 0.47 కూలుంబు. వానాకాలంలో విశాఖ లాంటి చోట 30 డిగ్రీల వేడిలో, 70 శాతం తేమతో ఉన్న గాలి మిల్లీలీటరుకు 21 మైక్రోగ్రాముల నీటిని మోస్తుంది. సిరంజిలో ఒక్క మిల్లీలీటరు గాలి బుడగ ఉండిపోతే జవాబు 10 కాదు, దాదాపు 15 పీపీఎం. ఆ నీరు నూనెదో గాలిదో సెల్‌కు తెలియదు.

అందుకే సెల్ మూత తీయరు, రబ్బరు సెప్టమ్ గుండా సూది గుచ్చుతారు. లోపలికి వచ్చే గాలి మాలిక్యులర్ సీవ్ నింపిన గొట్టం దాటి రావాలి. అయినా కొంత తేమ చొరబడుతూనే ఉంటుంది. నిమిషానికి ఎన్ని మైక్రోగ్రాములో పరికరం డ్రిఫ్ట్‌గా చూపి, ఆ మేరకు తీసేస్తుంది. 10 లోపు నిలకడగా ఉంటే నిశ్చింత. 40 దగ్గర ఊగిసలాడుతుంటే ఏ అంకె తీసేయాలో పరికరానికే తెలియదు, నమూనా ఎక్కించడం ఆపాలి. సెల్‌ను మెల్లగా తిప్పి చూడండి. డ్రిఫ్ట్ ఒక్కసారి ఎగిసి తగ్గితే గోడలకంటిన తేమ కడుక్కుపోయినట్టే. తగ్గకుండా అలాగే ఉంటే సూదులు పడి చిల్లులైన సెప్టమ్‌నో, తేమతో నిండిపోయిన సీవ్‌నో మార్చాలి.

ఎంత గట్టిగా మూసినా ఈ పద్ధతికి లొంగని నూనెలున్నాయి. బాగా పాతబడినవాటిలో, కొన్ని గంధక సమ్మేళనాలున్నవాటిలో ఆ పదార్థాలే అయోడిన్‌ను తినేసి నీటిని ఎక్కువగా చూపిస్తాయి. అలాంటి నూనెను చిన్న పొయ్యిలో వేడి చేసి, పైకొచ్చిన ఆవిరిని మాత్రమే పొడి నైట్రోజన్‌తో సెల్‌లోకి పంపుతారు.