మూడో భాగం ఎందుకు నెమ్మదిస్తుంది?

మొదటి భాగం రాత్రంతా మేల్కొని చదివేస్తాం. రెండోది వారం పడుతుంది. మూడోది సగంలో ఆగుతుంది... ‘బాగాలేదు’ అనేసి పక్కన పెట్టేస్తాం. కానీ అది విమర్శ కాదు, విసుగు. విసుగుకు కారణం వెతికితేనే విమర్శ మొదలవుతుంది.

మనకు దగ్గరి ఉదాహరణే చూద్దాం. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ తర్వాత ‘గంగు’ మొదలుపెట్టారు. అది పూర్తికాకుండానే 1961లో కన్నుమూశారు. తెలంగాణ కథను నవలల్లో చెప్పే ఆ పనిని దాశరథి రంగాచార్య అందుకున్నారు. ‘చిల్లర దేవుళ్లు’ 1938కి ముందటి కథ. ‘మోదుగుపూలు’ 1948 దాకా సాగుతుంది. అక్కడి నుంచి సుమారు ఇరవై ఏళ్ల కథ ‘జనపదం’.

మొదటి నవలలో ఒకే ఊరు, ఒకే గడి. సంగీతం తెలిసిన పాణి బయటి నుంచి ఆ ఊరికి వస్తాడు. అతనితో పాటే మనమూ దొరను, గడిలోని ఆడబాపలను చూసి ఉలిక్కిపడతాం. తర్వాతి భాగాలకు వచ్చేసరికి గడి మనకు కొత్త కాదు. ఆ మొదటి ఆశ్చర్యం మళ్లీ రాదు.

రెండో కారణం చరిత్రలోనే ఉంది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అంతవరకూ అధికారమంటే గడిలో కూర్చున్న ఒక మనిషి. తర్వాత అది పార్టీల్లోకి, కచేరీల్లోకి, కోర్టుల్లోకి చెదిరిపోయింది. ఎదురుగా ఒక్క శత్రువు ఉంటే కథ పరుగెడుతుంది. వంద చోట్ల ఉంటే నడుస్తుంది. పైగా ఇరవై ఏళ్లను ఒక్క పుస్తకంలో సర్దాలంటే సన్నివేశం తగ్గి, సమాచారం పెరిగే ప్రమాదం ఉంటుంది.

మరి పాఠకుడు ఏం చేయాలి? మొదటి భాగం నడుమ నుంచి ముప్పై పేజీలు, చివరి భాగం నడుమ నుంచి ముప్పై పేజీలు తీసుకోండి. రెండింటినీ మూడు ప్రశ్నలు అడగండి. ఎవరికి ఏం కావాలి? ఎవరు అడ్డుపడ్డారు? ముప్పయ్యో పేజీకి ఏం మారింది? సంఘటనలు ఎన్ని ఉన్నా మూడో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే రచన జారినట్టే. మార్పు కనిపిస్తూనే చదువు నెమ్మదిస్తే, తప్పు పుస్తకానిది కాకపోవచ్చు. మొదటి భాగంలాంటిదే కావాలన్న మన ఆశది కావచ్చు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠకులు మరో ప్రశ్న కూడా అడగగలరు: ‘జాగీర్లు పోయాక దొర ఎక్కడికి పోయాడు?’ 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీలు కదిలింది దొరతనం మీదే. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అంటే దొర ఎక్కడికీ పోలేదు. దొరతనం ఏ రూపంలో మిగిలిందో చివరి భాగం చూపించిందా, లేక పేరు మాత్రమే చెప్పి దాటేసిందా? పెన్సిల్ పట్టుకుని ఆ పేజీల దగ్గర గీత గీయండి. గీతలు ఎక్కువైతే పుస్తకం నెమ్మదిగా నడిచినా గెలిచినట్టే. ఒక్కటీ పడకపోతే, ‘బాగాలేదు’ అన్న మీ మాటకు రుజువు దొరికినట్టే.