వాడు కావాలని చేయడం లేదు!

బియ్యం డబ్బా వెనక నుంచి వాసన వస్తుంటే ఎలుక చచ్చిందేమో అనుకున్నాను. డబ్బా జరిపి చూస్తే మూడు డ్రాయర్లు. ఉండలు చుట్టి, పాత పేపర్లో పెట్టి మా అబ్బాయి దాచినవి. వాడికప్పుడు ఎనిమిదేళ్లు, మూడో తరగతి.

అది 2022 డిసెంబర్. మేముండేది అరకులోయలో. నేను కొండల్లో ఓ చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టే నాకు, సొంత పిల్లవాడు బట్టల్లో దొడ్డికి వెళ్తున్నాడంటే ఎంత తలవంపుగా అనిపించిందో చెప్పలేను. పట్టలేని కోపమొచ్చింది. చెంప మీద ఒకటిచ్చాను. ఆ డ్రాయర్లు వాడిచేతే ఉతికించాను. అరకులో డిసెంబర్ పొద్దుట కుళాయి నీళ్లెలా ఉంటాయో తెలిసినవాళ్లకు తెలుసు. వాడు ఏడవలేదు. వేళ్లు ఎర్రబడే దాకా ఉతికి, తలొంచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఇది మొదలై అప్పటికే నాలుగు నెలలు. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు ఉండేది. 'చెల్లికి నాలుగేళ్లు, అదే నయం' అని ఎత్తిపొడిచాను. టీవీ కట్టేశాను. ఊరికి తీసుకెళ్లనన్నాను. నేను తిట్టినకొద్దీ అది రోజూ జరగడం మొదలైంది. స్కూల్లో పిల్లలు పక్కన కూర్చోవడం మానేశారు. మా అత్తయ్యగారు, 'ఇంత పొగరేంటే వీడికి!' అనేవారు. నాకూ మొండితనమే అనిపించేది. మరకలు పల్చగా ఉండటంతో విరేచనాలేమో అని ఓసారి కట్టడానికి మాత్రలు కూడా తెచ్చి వేశాను. అరటిపండు, ఆకుకూర మాన్పించాను. పని ఇంకా చెడింది.

చివరికి 2023 జనవరి మొదటి వారంలో వాణ్ని వెంటబెట్టుకుని ఘాట్ రోడ్డు బస్సెక్కి విశాఖపట్నంలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

చేతికి తగిలిన ఉండ

పెద్దావిడ ఆ డాక్టరమ్మ. నేను చెప్పిందంతా విని వాణ్ని తిట్టలేదు, నన్నూ తిట్టలేదు. వరసగా ప్రశ్నలడిగారు. మామూలుగా దొడ్డికి ఎన్నాళ్లకోసారి వెళ్తాడు? నాలుగైదు రోజులకోసారి. వెళ్లినప్పుడు ఎలా ఉంటుంది? పెద్దవాళ్లకన్నా లావుగా, రెండు బకెట్లు పోస్తేగానీ పోదు. అప్పుడప్పుడు తలుపు వెనక నిలబడి కాళ్లు మెలిపెట్టి, పిర్రలు బిగించి, ముఖం ఎర్రగా చేసుకుంటాడా? అవును, అలాగే చేస్తాడు. వెళ్లడానికి ముక్కుతున్నాడని నేననుకునేదాన్ని.

"ముక్కడం కాదమ్మా, రాకుండా ఆపుకుంటున్నాడు" అన్నారావిడ.

వాణ్ని బల్ల మీద పడుకోబెట్టి, నా చేయి పట్టుకుని పొట్ట కింది భాగంలో ఎడమవైపు నొక్కించారు. గట్టిగా, నిమ్మకాయంత ఉండ తగిలింది. నా ఒళ్లు జలదరించింది. "గడ్డ కాదు, భయపడకండి. వారాల తరబడి పేరుకున్న మలం" అన్నారు. ఎక్స్‌రే కూడా అక్కర్లేదన్నారు.

ఆవిడ చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. మలం కిందికి దిగి పెద్దపేగు చివరి సంచిలో చేరగానే సంచి గోడలు సాగుతాయి. ఆ సాగుడే 'వెళ్లాలి' అన్న కబురు. పిల్లవాడు ఆపుకుంటే కాసేపటికి ఆ కబురు సద్దుమణుగుతుంది. కానీ లోపలున్నది నీరింకి గట్టిపడుతుంది. దాని మీద మర్నాటిది, ఆ మర్నాటిది చేరుతుంది. నెలల తరబడి ఇలా జరిగితే, సాగిసాగి వదులైపోయిన పైజామా ఎలాస్టిక్‌లా సంచి తయారవుతుంది. ఇక అది కబురు పంపదు. పైనుంచి వచ్చే పల్చటి మలం ఆ గట్టి ఉండ పక్కల నుంచి జారి బట్టల్లో పడుతుంది. అది పడుతున్నట్టు పిల్లవాడికి తెలియదు. ఎప్పుడూ ఆ వాసనలోనే ఉంటాడు కాబట్టి ముక్కు కూడా అలవాటుపడిపోతుంది. 'కంపు కొడుతుంటే నీకు తెలీదా?' అని వందసార్లు అడిగుంటాను. నిజంగానే వాడికి తెలియదు!

నేను విరేచనాలనుకున్నది ఆ కారుడే. కట్టడానికి మాత్రలేసి గట్టి ఉండను ఇంకా గట్టి చేశాను. దీన్ని ఎన్‌కోప్రెసిస్ అంటారట. బడికెళ్లే వయసు పిల్లల్లో ఇలా బట్టలు పాడవడానికి ఎక్కువగా కారణం ఈ ఆపుకోవడమేనట.

తిడితే ఎందుకు ఎక్కువైంది?

ఇదెక్కడ మొదలైందని డాక్టరమ్మ వాణ్నే అడిగారు. వాడు చాలాసేపటికి నోరు విప్పాడు. అంతకుముందు ఏడాది చలికాలంలో జ్వరమొచ్చి తగ్గాక ఒకసారి గట్టిగా వచ్చి, చీరుకుని రక్తం పడిందట. ఆ నొప్పికి భయపడి మర్నాడు ఆపుకున్నాడు. ఆపుకుంటే ఇంకా గట్టిపడింది, వెళ్లినప్పుడు ఇంకా నొప్పి. స్కూల్లో చూస్తే లెట్రిన్ తలుపుకి గడియ లేదు, నీళ్లు లేవు. అక్కడా ఆపుకోవడమే. నాకు ఒక్క మాటా చెప్పలేదు.

"ఇప్పుడు మీ దెబ్బ దేనికి పడుతోందో ఆలోచించండి" అన్నారావిడ. బట్టల్లో పడ్డందుకు కొట్టాను. అది వాడి చేతిలో లేని పని. వాడి చేతిలో ఉన్నది ఒక్కటే, లెట్రిన్‌కి వెళ్లి కూర్చోవడం. దొడ్డి అన్న మాటెత్తితేనే అమ్మ కొడుతుందని భయపడిన పిల్లవాడు ఆ పనికి దూరం జరుగుతాడు. పైగా భయమేస్తే ఎవరికైనా ఒళ్లు బిగుసుకుంటుంది, వదలాల్సిన కండరమే బిగుసుకుంటుంది. అంటే నా ప్రతి తిట్టూ ఆ ఉండ మీద ఇంకో పొర వేసిందన్నమాట. డ్రాయర్లు దాచింది పొగరుతో కాదు, నా భయంతో.

ముందు ఖాళీ, తర్వాత అలవాటు

సంక్రాంతి సెలవుల్లో లోపలిది ఖాళీ చేయించమన్నారు. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి రాసిచ్చారు. అది నీళ్లలో కలిపి తాగించేది. పేగును తరమదు, నీటిని మలంలో నిలిపి మెత్తబరుస్తుంది. ఖాళీ చేసే రోజుల్లో మోతాదు కిలో బరువుకు రోజుకి 1 నుంచి 1.5 గ్రాములు, మూడు నుంచి ఆరు రోజులు. మావాడు 20 కిలోలు కాబట్టి రోజుకి 25 గ్రాములు రెండు పూటలుగా ఇచ్చాను. ఈ లెక్క డాక్టరు పిల్లవాణ్ని చూసి వేయాల్సిందే, షాపులో కొనుక్కుని మనంతట మనం వేసేది కాదు.

మొదటి రెండు రోజులు కారడం ఎక్కువైంది. ముందే చెప్పారు గనుక కంగారుపడలేదు. మూడో రోజు గట్టి ముక్కలు మొదలయ్యాయి. ఐదో రోజుకి నీళ్లలా వచ్చింది, పొట్టలో ఉండ చేతికి తగల్లేదు. వాడు ఆ రాత్రి మూడు అట్లు తిన్నాడు. తిండి సరిగా తినడం లేదన్న నా బెంగకూ అదే కారణమని అప్పుడర్థమైంది.

ఆ తర్వాత రోజూ 8 గ్రాములు. రోజుకొకసారి, నొప్పి లేకుండా, మెత్తగా వచ్చేలా కొంచెం అటూ ఇటూ మార్చుకోవచ్చన్నారు. పొద్దున టిఫిన్ అయ్యాక, రాత్రి భోజనమయ్యాక ఐదు నుంచి పది నిమిషాలు కూర్చోబెట్టమన్నారు. తిన్న కాసేపటికి పేగు తనంతట తానే కదులుతుందట. మాది కింద కూర్చునే లెట్రిన్. ఇంగ్లీషు కమోడ్ ఉన్నవాళ్లు పిల్లల కాళ్లు గాల్లో వేలాడకుండా కింద పీట వేయాలి. గోడ మీది తెలుగు క్యాలెండర్లో, కూర్చున్న ప్రతిసారీ వాడే ఆ తేదీ గడిలో ఓ చుక్క పెట్టుకునేవాడు. వచ్చిందా లేదా అన్నదానికి కాదు చుక్క, కూర్చున్నందుకు. బట్టలు పాడైతే ఒక్కటే మాట, "పద నాన్నా, మార్చుకుందాం". ఆ మాట మామూలు గొంతుతో అనడం నేర్చుకోవడానికి నాకే నెల పట్టింది.

స్కూలుకెళ్లి వాళ్ల టీచరుతో విడిగా మాట్లాడాను. అడక్కుండా లేచి వెళ్లొచ్చని ఆవిడ వాడికి చెప్పారు. సంచిలో ఓ జత బట్టలు పెట్టాను. తలుపుకి గడియ మేమే వేయించాం.

తిండి సంగతి అందరూ అడుగుతారు. చోడి అంబలి, జామకాయ, రాజ్‌మా, ఆకుకూరలు అన్నీ మామూలుగా పెట్టాను, నీళ్లు తాగించాను. తిండి మంచిదే కానీ పేరుకుపోయిన ఉండను తిండి ఒక్కటీ కదల్చలేదు. ముందు మందుతో ఖాళీ కావాలి.

నేను చేసిన ఇంకో తప్పు

రెండు నెలలకు బట్టలు పూర్తిగా శుభ్రంగా ఉన్నాయి. 'పొడికి అలవాటు పడిపోతాడేమో' అని అత్తయ్యగారు అంటే, డాక్టరమ్మను అడక్కుండానే మార్చి చివర్లో ఒక్కసారిగా మానేశాను. మూడు వారాలకు మళ్లీ తలుపు వెనక నిలబడటం, మళ్లీ మరకలు. మళ్లీ బస్సెక్కాం. ఈ పొడికి పేగు అలవాటు పడదనీ, సాగిన సంచి మామూలుగా ముడుచుకోవడానికి నెలలు పడుతుందనీ ఆవిడ చెప్పారు. కనీసం రెండు నెలలు వాడాలి. ఏ ఇబ్బందీ లేకుండా ఒక నెల గడిచాకే, అదీ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మానాలి. చాలామందికి ఇంకా ఎక్కువ కాలమే పడుతుంది. మావాడికి 2023 డిసెంబర్ దాకా పట్టింది.

అయితే పిల్లల మలబద్ధకం అంతా ఇదే అనుకోవద్దు. పుట్టాక రెండు రోజులైనా మొదటి మలం రాకపోవడం, పుట్టిన కొద్ది వారాల్లోనే మలబద్ధకం మొదలవడం, పొట్ట ఉబ్బి పచ్చగా వాంతులు కావడం, బరువు పెరగకపోవడం, కాళ్లలో బలం తగ్గడం, ఇలాంటివి ఉంటే వేరే జబ్బులేమో చూడాలి. అలాంటప్పుడు ఆలస్యం చేయకూడదు.

ఇంకొక్కటి చెప్పాలి. నా క్లాసులో నాలుగో తరగతి పిల్ల ఒకర్తి ఉండేది. వాసన వస్తోందని ఆమెను కిటికీ పక్కన చివరి బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టాను. మావాడి సంగతి తెలిశాక, 2023 జూన్‌లో బడి తెరిచిన వారం వాళ్లమ్మను పిలిపించి అడిగాను. పిల్ల రోజంతా ఆపుకుని, చీకటి పడ్డాక పెద్దవాళ్లతో కలిసి కొండపక్కకు వెళ్తుందట. "బళ్లో లెట్రిన్ ఉంది కదా?" అన్నాను. "తాళమేసుంటాది కదా టీచరమ్మా" అందామె.

ఆ తాళంచెవి నా టేబులు సొరుగులోనే ఉండేది. పాడు చేస్తారని నేనే వేయించాను.

మర్నాడు తాళం తీసేశాను. నీళ్ల డ్రమ్ము, చెంబు పెట్టించాం. ఏఎన్‌ఎం ఆ పిల్లను డాక్టరుకి చూపించింది. ఆమెకూ పొట్టలో అదే ఉండ! దసరా సెలవులకు ముందే ఆ పిల్ల రెండో బెంచీకి వచ్చేసింది.

మావాడిప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. ఇది రాయనా అని అడిగితే, "పేరు రాయకు" అన్నాడు. కాసేపాగి, "చన్నీళ్ల సంగతి మాత్రం రాయి" అన్నాడు. అందుకే రాశాను.