రాలేకపోయాను, క్షమించండి

గుంటూరులో ఒక బ్యాంకు ఉద్యోగినికి ప్రతి శనివారం ఉదయం 11 గంటలకు ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ ఉంటుందనుకుందాం. ఒక వారం ఆమె లింకు తెరవలేదు. మధ్యాహ్నం ఫోన్ చూసుకునేసరికి కౌన్సెలర్ పంపిన మెసేజ్ కనిపించింది: ‘ఈరోజు కలవలేకపోయాం. అంతా బాగానే ఉందా?’ ఆమె గబగబా జవాబు టైప్ చేయడం మొదలుపెట్టింది. అత్తగారితో జరిగిన గొడవ, రెండు రోజులుగా నిద్ర లేకపోవడం, నాన్న చనిపోయిన సంగతి కిందటి వారం చెప్పినప్పటి నుంచి గుండె బరువెక్కడం అన్నీ అందులోకి వచ్చేశాయి.

ఆ మెసేజ్‌లో ప్రతి మాటా నిజమే. కానీ వాట్సాప్‌లో పంపాల్సినవి కావు. వాటికి కౌన్సెలర్ జవాబివ్వాలంటే కనీసం ముప్పావు గంట కూర్చుని వినాలి. మధ్యలో వేరేవాళ్ల సెషన్లు ఉంటాయి కాబట్టి ‘తర్వాత మాట్లాడదాం’ అని మాత్రమే అనగలరు. అంత చెప్పుకున్నాక ఆ ఒక్క ముక్కే వస్తే మనసు ఇంకా చిన్నబుచ్చుకుంటుంది.

రెండో చిక్కు గోప్యత. మానసిక సమస్యకు చికిత్స పొందుతున్నవారి వివరాలను బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్‌లో, చికిత్స చేసేవారిపై బాధ్యత పెట్టింది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయితే ఆ చట్టం డైనింగ్ టేబుల్ మీద పెట్టిన ఫోన్‌కు కాపలా కాయదు. వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ మెసేజ్‌ను దారిలో ఎవరూ చదవకుండా చూస్తుంది. జవాబు వచ్చాక దాని మొదటి వాక్యం లాక్ స్క్రీన్ మీద మెరిస్తే పక్కనున్నవాళ్లు చదివేస్తారు. ఆఫీసు కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే అక్కడా కనబడుతుంది. అవతలివైపు కూడా అంతే. క్లినిక్ నంబరుకు పంపితే ముందు చూసేది చాలాసార్లు రిసెప్షన్‌లో ఉన్నవాళ్లే. అందుకే ‘కౌన్సెలింగ్’, ‘డిప్రెషన్’, మందుల పేర్లు లేకుండా రాస్తే మంచిది. అపాయింట్‌మెంట్ అంటే పళ్ల డాక్టరుదైనా కావచ్చు.

ఆమె టైప్ చేసిందంతా చెరిపేసి ఇలా రాస్తే సరిపోతుంది:

‘నమస్తే అండి. ఈరోజు 11 గంటల అపాయింట్‌మెంట్‌కు రాలేకపోయాను. ముందుగా చెప్పనందుకు క్షమించండి. కారణం కలిసినప్పుడు చెబుతాను. వచ్చే శనివారం మామూలు టైమ్‌కే వస్తాను. ఈలోపు బుధవారం గానీ గురువారం గానీ సాయంత్రం 6 తర్వాత ఖాళీ ఉంటే తెలపండి. ఈరోజు ఫీజు మీ పద్ధతి ప్రకారం పంపుతాను. ఫోన్ చేయకండి, మెసేజ్ చాలు.’

ఇందులో ‘రాలేకపోయాను’ అన్న మాట చాలా పని చేస్తుంది. మరిచిపోయినా, భయపడి ఆగిపోయినా అది అబద్ధం కాదు. చాలామంది ఇక్కడే ‘నెట్ పోయింది’ అని రాసేస్తారు. దాంతో తర్వాతి సెషన్లో ఆ అబద్ధాన్ని కాపాడుకుంటూ మాట్లాడాలి. బరువైన విషయం ఒకటి బయటికి వచ్చిన మరుసటి వారమే సెషన్ తప్పడం కౌన్సెలర్లు తరచూ చూసేదే. అసలు కారణం వాళ్లకు పనికొచ్చే సమాచారం. దాన్ని ఎదురుగా కూర్చుని విప్పుకోవడానికి వీలుగా ‘కలిసినప్పుడు చెబుతాను’ అన్న వాక్యం తలుపు తెరిచి ఉంచుతుంది.

రీషెడ్యూల్ చేసేటప్పుడు ఒక పొరపాటు మామూలుగా జరుగుతుంది. ‘మళ్లీ ఎప్పుడు?’ అని మాత్రం అడిగితే, ప్రతివారం ఉన్న శనివారం టైమ్ వదులుకున్నారని అవతలివాళ్లు అనుకునే అవకాశం ఉంది. అది ఉందని ముందు చెప్పి, అదనంగా కావాలంటే రెండు రోజులు పేర్కొనాలి. ఫీజు సంగతి సాధారణంగా మొదటి సెషన్లో సంతకం చేసిన కాగితంలోనే ఉంటుంది. 24 గంటల ముందు చెప్పకపోతే పూర్తి ఫీజు తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది శిక్ష కాదు, వాళ్లు ఇంకెవరికీ ఇవ్వలేకపోయిన ఆ గంటకు చెల్లింపు. ఇబ్బంది ఉంటే సగం కట్టవచ్చా అని సూటిగా అడగవచ్చు. ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఈ గొడవ ఉండదు, మళ్లీ చీటీ తీసుకుంటే చాలు.

ఆలస్యం మాత్రం చేయకూడదు. సిగ్గుతో రెండు రోజులు ఆగితే రాయడం ఇంకా కష్టమై, తర్వాతి శనివారం కూడా జారిపోతుంది. రెండు పని దినాలు గడిచినా జవాబు రాకపోతే క్లినిక్‌కు ఫోన్ చేసి పేరు, అపాయింట్‌మెంట్ రోజు చెబితే సరిపోతుంది. రిసెప్షన్‌లో కారణం అడిగినా చెప్పక్కర్లేదు.

సెషన్ తప్పినప్పుడు ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఈ పొట్టి మెసేజ్ సరిపోదు. అప్పుడు సమయం కోసం ఎదురుచూడకుండా ఇంట్లో నమ్మకమైనవారికి చెప్పాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. అది పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.