ఏ పత్రం ఎవరి చేతికి?

పరిశోధన పత్రాలను సమీక్షకులకు పంచడం కూడికలతోనే మొదలవుతుంది. ఒక సదస్సుకు 100 పత్రాలు వస్తే, ఒక్కోదాన్ని ముగ్గురు చదవాలంటే 300 సమీక్షలు కావాలి. ఒకరికి ఆరుకు మించి ఇవ్వకూడదనుకుంటే కనీసం 50 మంది ఉండాలి. కానీ సరిగ్గా 50 మందితో పని జరగదు. కొందరు కొన్ని పత్రాలను చదవకూడదు, కొందరికి ఆ విషయం తెలియదు, ఒకరిద్దరు మధ్యలో తప్పుకుంటారు. అందుకే ముందే అదనంగా కొందరిని పిలిచి ఉంచుకోవాలి.

చదవకూడని జతలను మొదటే తీసేస్తారు. రచయితతో ఒకే సంస్థలో పనిచేసేవారు, బంధువులు, ఇటీవల కలిసి పత్రం రాసినవారు ఈ కోవలోకి వస్తారు. సహరచనకు గత మూడేళ్లను లెక్కించడం చాలా సదస్సుల్లో ఉన్న పద్ధతి. పీహెచ్‌డీ గైడు, విద్యార్థుల బంధాన్ని మాత్రం చాలాచోట్ల ఎన్నేళ్లయినా వదలరు. ఈ జల్లెడకూ చిల్లులున్నాయి. ఉద్యోగం మారినా ప్రొఫైల్‌లో పాత సంస్థే ఉండిపోతే కంప్యూటర్ పట్టుకోలేదు. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ఒక పత్రంలో పూర్తిగా, మరోదానిలో పొడి అక్షరంగా ఉంటే ఇద్దరు వేర్వేరు మనుషులనుకునే ప్రమాదం ఉంది.

మిగిలిన ప్రతి జతకూ ఒక మార్కు వేస్తారు. సమీక్షకుడు ఇదివరకు రాసిన పత్రాల్లోని పదాలను కొత్త పత్రంతో పోల్చి చూస్తారు. లారెంట్ చార్లిన్, రిచర్డ్ జెమెల్ రూపొందించిన టొరంటో పేపర్ మ్యాచింగ్ సిస్టమ్ చేసేది ఇదే. ఏ పత్రాలు చదవడం ఇష్టమో సమీక్షకులు చెప్పే బిడ్లనూ దీనికి కలుపుతారు.

పంపకంలో అసలు చిక్కు ఒక చిన్న ఉదాహరణలో కనిపిస్తుంది. ఇద్దరు సమీక్షకులు, రెండు పత్రాలు, తలా ఒకటి. మొదటి సమీక్షకురాలికి ‘క’ పత్రంపై 0.9, ‘ఖ’ పత్రంపై 0.8 మార్కులు. రెండో ఆయనకు ‘క’పై 0.7, ‘ఖ’పై 0.1. అన్నిటికన్నా పెద్ద మార్కు చూసి ‘క’ను ఆమెకిస్తే ‘ఖ’ తెలియని మనిషి చేతిలో పడుతుంది, మొత్తం 1.0. ‘ఖ’ను ఆమెకిచ్చి ‘క’ను ఆయనకిస్తే మొత్తం 1.5. అందుకే ఒక్కో జతను విడిగా చూడకుండా మొత్తం పంపకాన్ని ఒకేసారి లెక్కగట్టాలి.

అయితే మొత్తం ఎక్కువగా ఉన్నంత మాత్రాన అందరికీ న్యాయం జరిగినట్టు కాదు. వందలో తొంభై పత్రాలకు నిపుణులు దొరికి, కొత్త దారి తొక్కిన పదింటికి దొరకకపోవచ్చు. దీనికి విరుగుడుగా ఇవాన్ స్టెల్మాఖ్, నిహార్ షా, ఆర్తీ సింగ్ వేరే పద్ధతి చూపారు. అందులో అందరికన్నా వెనుకబడిన పత్రానికి వీలైనంత మంచి సమీక్షకులను కేటాయించడమే తొలి లక్ష్యం.

బిడ్లలో మోసం ఇంకో బెడద. మిత్రులు ఒకరి పత్రాన్ని మరొకరు కోరుకుని మంచి మార్కులు వేసుకోవచ్చు. దీన్ని అడ్డుకోవడానికి పంపకంలో కొంత లాటరీ కలుపుతారు. ఏ జతకైనా కుదిరే అవకాశం, ఉదాహరణకు, సగానికి మించకుండా కట్టడి చేస్తారు. దానివల్ల సరిపోలికలో కొంత నాణ్యత తగ్గినా, ఫలానా పత్రం తనకే వస్తుందన్న భరోసా ఎవరికీ మిగలదు.