ఈ విజువల్ ముందే వాడేశామా?

2027లో గోదావరికి మళ్లీ పుష్కరాలు. 2015 జూలైలో రాజమహేంద్రవరం, కొవ్వూరు, భద్రాచలం, బాసర ఘాట్లలో తీసిన విజువల్స్ ఇప్పుడు తెలుగు ఛానళ్ల లైబ్రరీల్లోంచి, యూట్యూబ్ బృందాల హార్డ్‌డిస్కుల్లోంచి ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. ఈ పన్నెండేళ్లలో ఆ ఫుటేజ్ ఒకచోట కుదురుగా ఉండలేదు. అసలు రషెస్ ఒక డిస్కులో ఉంటే, వాటిలోంచి కోసిన వార్తా కథనం ఇంకో డిస్కులో ఉంటుంది. దానికి లోగో, స్క్రోలింగ్ తగిలించిన ప్రసార కాపీ మరోచోట, వాట్సాప్‌లో తిరిగి వచ్చిన నిలువు ముక్క ఇంకోచోట. అన్నీ ఒకే అరనిమిషం దృశ్యమైనా పేర్లు మాత్రం వేరు. ఎడిటర్ కొత్తదనుకుని తీసిన ముక్క మూడేళ్ల కింద ప్రత్యేక కార్యక్రమంలో వాడిందే కావచ్చు. ప్రేక్షకుడు మాత్రం ఇట్టే గుర్తుపడతాడు.

ఒకే ఫైల్ రెండు చోట్ల ఉంటే పట్టుకోవడం తేలిక. ఫైల్‌లోని ప్రతి బైట్‌నూ లెక్కలోకి తీసుకుని ఒక పొడవాటి సంఖ్య ఇచ్చే పద్ధతులున్నాయి. SHA-256 అలాంటిదే. రెండు ఫైళ్ల సంఖ్యలు కలిస్తే రెండూ ఒకటే. కానీ అదే వీడియోను ఒక్కసారి మళ్లీ ఎగుమతి చేసినా, మూలన చిన్న లోగో పెట్టినా, మొదట్లో ఒక్క ఫ్రేమ్ కోసినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. లైబ్రరీలో తలనొప్పి తెచ్చేవి ఇలాంటి ‘దాదాపు అదే’ ముక్కలే. వీటిని పట్టాలంటే ఫైల్‌ను పక్కనపెట్టి బొమ్మను చూడాలి.

బొమ్మకు వేలిముద్ర తీసే పద్ధతుల్లో ‘డీహ్యాష్’ చాలా సరళమైనది. ఫ్రేమ్‌ను నలుపు తెలుపుగా మార్చి, అడ్డంగా 9, నిలువుగా 8 గడులంత చిన్నదిగా కుదించాలి. ఒక్కో వరుసలో పక్కపక్క గడులను పోల్చాలి. ఎడమ గడి కుడిదానికంటే వెలుతురుగా ఉంటే 1, లేకపోతే 0 రాసుకోవాలి. వరుసకు 8 పోలికలు, ఎనిమిది వరుసలు, మొత్తం 64 అంకెలు. ఆ ఫ్రేమ్ వేలిముద్ర ఇదే. కుదించే పనిని ffmpeg అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్క ఆదేశంతో చేసిపెడుతుంది:

```
ffmpeg -i clip.mp4 -vf "fps=1,scale=9:8:flags=area,format=gray" -f rawvideo out.raw
```

సెకనుకు ఒక ఫ్రేమ్ తీసుకుని, దాన్ని 72 గడుల బొమ్మగా మార్చి వరుసగా రాసెయ్యమని దీని అర్థం. గడులను పోల్చి 64 అంకెలు రాబట్టడానికి నాలుగైదు వరుసల ప్రోగ్రామ్ చాలు.

ఇంత ముతక బొమ్మతో పని జరుగుతుందా అనిపించవచ్చు. ఆ ముతకదనమే దీని బలం. వీడియోను మళ్లీ మళ్లీ ఎగుమతి చేస్తే చెడిపోయేవి సన్నని వివరాలు. కుదించినప్పుడు అవి ఎలాగూ ఉండవు. దృశ్యం మొత్తాన్నీ కాస్త వెలుతురుగా మార్చినా పక్కపక్క గడుల్లో ఏది ఎక్కువ వెలుతురన్నది సాధారణంగా మారదు. మూలనున్న లోగో ఒకటి రెండు గడులకు మించి తాకదు. అందుకే ఒకే దృశ్యపు రెండు కాపీల వేలిముద్రలు నాలుగైదు అంకెల్లోనే తేడాపడతాయి. సంబంధం లేని రెండు దృశ్యాలైతే 64లో సగం, అంటే 32 దగ్గర తేడా వస్తుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో గీత గీయాలి.

ఆ గీతను ఎవరి లైబ్రరీకి వారే కొలిచి గీసుకోవడం మంచిది. ఓ యాభై క్లిప్‌లు తీసుకుని, మీ సంస్థలో మామూలుగా జరిగే మార్పులన్నీ వాటికి చెయ్యండి. లోగో పెట్టండి, రంగులు దిద్దండి, వాట్సాప్‌లో పంపి వెనక్కి తెచ్చుకోండి. అసలుకూ కాపీకీ ఎన్ని అంకెల తేడా వచ్చిందో చూడండి. తర్వాత ఒకే ఘాట్‌లో వేరే రోజు తీసిన దృశ్యాల మధ్య తేడా చూడండి. మొదటి గుంపు ఎక్కడ ఆగిపోతుందో, రెండోది ఎక్కడ మొదలవుతుందో కనిపిస్తుంది. ఇక్కడ మన లెక్కకు 7 అంకెల వరకూ తేడా ఉంటే కలిసినట్టే అనుకుందాం.

లైబ్రరీ పెరుగుతూనే ఉంటుంది కదా, ప్రతి కొత్త క్లిప్‌నూ పాతవాటన్నిటితో పోల్చడం అయ్యే పనేనా? లెక్క చూద్దాం. సెకనుకు ఒక వేలిముద్ర చొప్పున పదివేల గంటల ఫుటేజ్‌కి 3 కోట్ల 60 లక్షల వేలిముద్రలు. ఒక్కోదానికి 8 బైట్లు, మొత్తం 288 మెగాబైట్లు. మామూలు ల్యాప్‌టాప్‌లో పట్టేస్తుంది. వెతుకులాటకూ ఒక చక్కని ఉపాయం ఉంది. 64 అంకెలను ఎనిమిదేసి చొప్పున ఎనిమిది భాగాలు చెయ్యండి. రెండు వేలిముద్రల మధ్య తేడా 7 అంకెలకు మించకపోతే, ఆ ఏడూ ఏడు వేర్వేరు భాగాల్లో పడినా ఒక భాగం చెక్కుచెదరకుండా మిగలాల్సిందే. కాబట్టి కనీసం ఒక భాగమైనా అచ్చుగా కలిసిన వేలిముద్రలను మాత్రమే పూర్తిగా పోలిస్తే సరిపోతుంది. అంకెలు బాగా కలగలిసి ఉన్నాయనుకుంటే పని ముప్పై రెండో వంతుకు తగ్గుతుంది. పైగా ఏ ఒక్క నిజమైన జత కూడా తప్పిపోదు. కొత్త ఫుటేజ్ ఇన్‌జెస్ట్ అయిన రోజే దాని వేలిముద్రలు ఇందులో చేరిపోతే, పాతదాన్ని మళ్లీ మొదటినుంచీ లెక్కించే అవసరమే ఉండదు.

అయితే ఒక్క ఫ్రేమ్ కలిసినంత మాత్రాన క్లిప్ కలిసినట్టు కాదు. నల్లటి తెర, ఖాళీ ఆకాశం, ఛానల్ టైటిల్ ప్రతి కథనంలోనూ ఉంటాయి. గడుల మధ్య వెలుతురు తేడా లేని చదును ఫ్రేమ్‌లను ముందే తీసేయాలి. టైటిళ్లనూ గుర్తుపెట్టి పక్కన పెట్టాలి. మిగిలినవాటిలో చూడాల్సింది వరుస. పాత టేపులో ఏ క్రమంలో దృశ్యాలు నడిచాయో కొత్త క్లిప్‌లోనూ అదే క్రమంలో, అదే వేగంతో నడుస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పుష్కర జ్ఞాపకాల కార్యక్రమం కోసం ఎడిటర్ ముందుకు 42 సెకన్ల క్లిప్ వచ్చిందనుకోండి. కెమెరా ఘాట్ మీదుగా నెమ్మదిగా కుడివైపు తిరిగే పాన్ షాట్ అందులో ఉంది. లైబ్రరీలో సెకనుకు ఒక వేలిముద్రే ఉన్నా, వెతకాల్సిన క్లిప్‌కు సెకనుకు నాలుగు తీస్తాం. కోత ఏ అరసెకను దగ్గర పడినా దగ్గరి జోడీ దొరకాలని ఈ జాగ్రత్త. 168 ఫ్రేమ్‌లు వచ్చాయి. ఫేడ్‌లోని నల్ల ఫ్రేమ్‌లు 20 పోగా 148 మిగిలాయి. ప్రతి జోడీకీ పాత టేపులోని సమయంలోంచి కొత్త క్లిప్‌లోని సమయాన్ని తీసివేశాం. కొన్ని ఫ్రేమ్‌లు ఎక్కడెక్కడో చెదురుమదురుగా కలిశాయి, వాటి తేడాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. కానీ 112 ఫ్రేమ్‌లు ఒకే టేపు వైపు చూపించాయి. అన్నిటికీ తేడా, అరసెకను అటూ ఇటూగా, 1106 సెకన్లే. అంటే కొత్త క్లిప్‌లో 6వ సెకను నుంచి 34వ సెకను దాకా ఉన్నది, పాత టేపులో 18 నిమిషాల 32 సెకన్ల నుంచి 19 నిమిషాల దాకా ఉన్న దృశ్యమే. యాదృచ్ఛికంగా ఇన్ని ఫ్రేమ్‌లు ఇలా ఒకే తేడాతో కలవవు.

ఇప్పుడు వాడకం రిజిస్టర్ తెరవాలి. చాలాచోట్ల ఆ రిజిస్టర్‌లో ఫైల్ పేరు మాత్రమే రాస్తారు. పేరు మారగానే ఆ రాత పనికిరాదు. అసలు టేపు, దానిలోని టైమ్‌కోడ్ రాసి ఉంటే కథ వేరు. ఆ టేపులో 18:20 నుంచి 18:50 దాకా ఇదివరకు ఒక కార్యక్రమంలో వాడినట్టు ఉందనుకుందాం. అప్పుడు ఈ 28 సెకన్లలో మొదటి 18 ప్రేక్షకులు చూసేసినవి. చివరి పది సెకన్లు తాజావి, నిక్షేపంగా వాడుకోవచ్చు. పోలికను వెతికే యంత్రాంగం ఎంత గొప్పదైనా, రిజిస్టర్ ఇలా లేకపోతే ‘ఇది ఎక్కడో ఉంది’ అని మాత్రమే చెప్పగలదు, ‘ఇది వాడేశాం’ అని చెప్పలేదు.

ఈ పద్ధతి తప్పిపోయే చోట్లు తెలిసి ఉండాలి. స్క్రోలింగ్ పట్టీ బొమ్మ అడుగు వరుస మొత్తాన్నీ కప్పేసి, ఎనిమిది అంకెలను ఒక్కసారే చిందరవందర చేయగలదు. వేలిముద్ర తీసేముందే అన్ని ఫ్రేమ్‌లలోనూ అడుగున కొంత కోసేయడం దీనికి విరుగుడు. అడ్డం వీడియోను ఫోన్ కోసం నిలువుగా కోస్తే వెడల్పులో మూడో వంతు కూడా మిగలదు, కాబట్టి మొత్తం ఫ్రేమ్ వేలిముద్ర దానితో కలవదు. అందుకని లైబ్రరీలోని ప్రతి ఫ్రేమ్‌కూ ఎడమ, మధ్య, కుడి నిలువు ముక్కల వేలిముద్రలు కూడా తీసి పెట్టుకోవాలి. కుడి ఎడమలు తిప్పేసిన క్లిప్‌ల కోసం అద్దంలో బొమ్మకూ ఒకటి. నిల్వ కొన్ని రెట్లు పెరిగినా, వందల మెగాబైట్ల లెక్కలో అది పెద్ద భారం కాదు.

ట్రైపాడ్‌పై కదలకుండా నిలిపిన కెమెరాతో మాత్రం చిక్కే. ఒకే మెట్టు మీంచి సోమవారం తీసిందీ, బుధవారం తీసిందీ ఇంత ముతక బొమ్మలో ఒకటిగానే కనిపించవచ్చు. స్టూడియోలో అదే కుర్చీ, అదే యాంకర్ ఉన్నప్పుడూ అంతే. తేడాల పట్టికలో ఒకే సంఖ్య తేలకుండా పదుల సంఖ్యలు సమానంగా కలుస్తుంటే ఇదే జరుగుతోందని తెలుసుకోవాలి. అప్పుడు ధ్వనిని ఆశ్రయించాలి. క్రోమాప్రింట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ శబ్దానికి వేలిముద్ర తీస్తుంది. మైకులో ప్రకటనలు, జనం కేకలు ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు. అసలు శబ్దం తీసేసి పాట వేసిన క్లిప్‌కు ఆ దారీ మూసుకుపోతుంది, ఇక మనిషి కళ్లతో చూసి తేల్చాలి. ఇంకాస్త సూక్ష్మమైన వేలిముద్ర కావాలనుకునేవారికి 2019లో ఫేస్‌బుక్ ఉచితంగా విడుదల చేసిన పీడీక్యూ ఉంది. అందులో 256 అంకెలు ఉంటాయి.

పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు కెమెరామెన్ తీసిన ఒకే హారతిని ఈ వేలిముద్రలు ఒకటిగా గుర్తించవు. యంత్రం దృష్టిలో అవి రెండు వేర్వేరు బొమ్మలు. ప్రేక్షకుడికి మాత్రం అదే హారతి. అలాంటివాటిని తేదీ, ఘాట్ పేరు, సమయం రాసిపెట్టిన వివరాలే కలపగలవు.

పోలిక దొరికిందని కాపీని తుడిచేయడం తొందరపాటు. అసలు రషెస్ పాడై, ప్రసార కాపీ ఒక్కటే మిగిలిన సందర్భాలు ఉంటాయి. నాణ్యమైనదాన్ని అసలుగా గుర్తించి, మిగతావాటిని దానికి ముడివేస్తే చాలు. అసలుకు పెట్టిన ప్రతి గుర్తూ కాపీలన్నిటికీ వర్తిస్తుంది. ఏజెన్సీ నుంచి ఒక్కసారి వాడకానికే కొన్న విజువల్‌కు పెట్టిన గుర్తు పేరు మారిన కాపీని కూడా ఆపుతుంది.

ఇంకొకటి మరింత ముఖ్యం. 2015 పుష్కరాల తొలిరోజు, జూలై 14న, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఉదయపు రద్దీ దృశ్యాలు ఏ పేరు లేని క్లిప్‌లోనో ఉండి, సంబరపు పాట వెనక వాడుకలోకి వస్తే ఆ కుటుంబాలకు ఎంత కోత! అసలు టేపులో ఆ భాగానికి ‘అనుమతి లేకుండా వాడరాదు’ అని ఒక్కసారి రాస్తే, కలిసిన ప్రతి ముక్క దగ్గరా ఆ మాట ఎడిటర్ కంట పడుతుంది. 2027 కోసం డిస్కులు తెరిచేవాళ్లు వేలిముద్రల పనిని ఆ రోజు టేపులతోనే మొదలుపెట్టాలి.